బ్లౌజులు కుట్టే చిన్న షాపుకి కస్టమర్ జర్నీ మ్యాప్ ఎలా గీయాలి?

ప్రశ్న: తెనాలిలో మాది బ్లౌజులు కుట్టే చిన్న షాపు. నేను కౌంటర్ చూసుకుంటాను, కటింగ్‌కి ఒక మాస్టరు, మిషన్ల మీద ఇద్దరు. కొత్తవాళ్ళు వస్తున్నారు గానీ రెండోసారి కనబడటం లేదు. కస్టమర్ జర్నీ మ్యాప్ గీసి చూడమన్నారు. వెతికితే అన్నీ పెద్ద ఆన్‌లైన్ కంపెనీల బొమ్మలే. మాలాంటి షాపుకి దశలు, టచ్‌పాయింట్లు, ఒక్కోచోట వాళ్ళ ఫీలింగు ఎలా రాయాలి?

సమాధానం:

కస్టమర్ జర్నీ మ్యాప్ అంటే కస్టమర్ నడిచే దారంతా దశలవారీగా కాగితం మీద పరిచిన బొమ్మ. ముందు ఎవరి ప్రయాణం గీస్తున్నారో తేల్చుకోండి. షాపుకి వచ్చే అందరినీ ఒకే కాగితం మీదకి ఎక్కిస్తే ఆ మ్యాపు ఎవరికీ సరిపోదు. ఏళ్ళ తరబడి మీ దగ్గరే కుట్టించుకునే ఆవిడ ఆది జాకెట్టు, కొత్త ముక్క ఒక కవర్లో పెట్టి ఇచ్చి, "ఎప్పటిలాగే" అని వెళ్ళిపోతుంది. ఆవిడకి భయం లేదు, అడగాల్సిన ప్రశ్నలూ లేవు. కాలేజీ అమ్మాయి ఫోన్లో వెనక మెడ డిజైను చూపిస్తూ వస్తుంది, ఆమె ఆరాటం వేరు. మొదటిసారి పట్టుచీర జాకెట్టు పట్టుకొచ్చిన ఆవిడది ఈ రెండూ కాని మూడో దారి. మీ ఇబ్బంది కొత్తవాళ్ళతోనే కాబట్టి ఈ మూడో ఆవిడని తీసుకోండి. ఒక్క మనిషి, ఒక్క పని, ఒక్క మ్యాపు.

ఇదేదో పెద్ద కంపెనీల వ్యవహారమని వెనకాడకండి. సేవని ఇలా కాగితం మీద పరిచి చూసే పద్ధతికి బాట వేసినవాళ్ళలో లిన్ షోస్టాక్ ఒకరు. 1984లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసిన వ్యాసంలో ఆవిడ తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి వీధి మూలన బూట్లకి పాలిష్ చేసే మనిషిది. బూటు తుడవడం, పాలిష్ పూయడం, మెరుగు పెట్టడం, డబ్బు తీసుకోవడం, అంతే పని. ఆ చిన్న పనినే అడుగడుగూ గీసి, ఎక్కడ తప్పు జరగొచ్చో గుర్తు పెట్టింది. వేరే రంగు పాలిష్ పూయడం లాంటిది ఆ తప్పు. కస్టమర్ కంటికి కనబడే పనికీ కనబడని పనికీ మధ్య ఒక గీత కూడా గీసింది. మీ షాపులో ఆ గీత ఎక్కడుందో మీకు తెలుసు, కౌంటర్‌కీ మిషన్లకీ మధ్య వేలాడే కర్టెన్ అదే. మీ మ్యాపులో ఆ కర్టెన్ కచ్చితంగా ఉండాలి. ఎందుకో కిందకి వెళ్ళేసరికి తెలుస్తుంది.

ఒక చార్టు అడ్డంగా పరవండి. పైన ఎడమ నుంచి కుడికి దశలు వస్తాయి. వాటి కింద ఐదు వరసలు: ఆవిడ ఏం చేస్తోంది, మీకు గానీ మీ షాపు గురించిన మాటకి గానీ ఎక్కడ తగులుతోంది, మనసులో ఏమనుకుంటోంది, ఎలా ఉంది, కర్టెన్ వెనక ఏం జరుగుతోంది. రెండో వరసే మీరంటున్న టచ్‌పాయింట్లు, నాలుగోది ఫీలింగు. నేరుగా పెన్నుతో రాయకండి, అంటించి తీసే చిన్న కాగితాల మీద రాసి అతికించండి. దశలు కనీసం రెండుసార్లు అటూ ఇటూ జరుగుతాయి.

చాలామంది మొదటి దశగా "కస్టమర్ షాపులోకి వచ్చింది" అని రాస్తారు, చివరి దశగా "డబ్బు కట్టి తీసుకెళ్ళింది" అని రాస్తారు. అది మీ రసీదు పుస్తకం ప్రయాణం. ఆవిడ ప్రయాణం చీర కొన్న రోజున మొదలై, పెళ్ళి అయిపోయాక ఇంకో చీర కొనేదాకా సాగుతుంది. రెండోసారి రావడం అనేది ఆ చివరి భాగంలో తేలే విషయం. ఆ భాగం కాగితం మీద లేకపోతే మీ ప్రశ్నకి జవాబు కూడా దొరకదు.

ఇక సమాచారం. కుర్చీలో కూర్చుని ఊహించి రాస్తే మీకు తెలిసిందే మళ్ళీ మీ ముందుకొస్తుంది. ఐదారుగురు చాలు, కానీ వాళ్ళలో కనీసం ఇద్దరు ఒక్కసారి వచ్చి మళ్ళీ రానివాళ్ళై ఉండాలి. వాళ్ళ నంబర్లు మీ రసీదు పుస్తకంలోనే ఉంటాయి. ఫోన్ చేసి "మా కుట్టు ఎలా ఉంది మేడమ్?" అని అడిగితే "బాగుందండీ" అంటారు, మాట అక్కడితో ఆగిపోతుంది. మర్యాదస్థులెవరూ మొహం మీద బాగాలేదని చెప్పరు. అభిప్రాయం అడగకుండా జరిగింది జరిగినట్టు చెప్పించండి. "ఆ జాకెట్టు కుట్టించాలనుకున్నప్పుడు మొదట ఎవరిని అడిగారు?" "ఇచ్చాక మళ్ళీ ఎప్పుడు వచ్చారు?" "ఇంటికెళ్ళి వేసుకుని చూశారా, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు?" ఇలా అడిగితే మనిషి కథ చెప్తుంది. కథ మధ్యలో గొంతు మారిన చోటు మీకు కావలసిన చోటు.

మనుషులు చెప్పనివి మీ పుస్తకం, మీ ఫోను చెప్తాయి. రసీదులో ఇస్తామన్న తేదీ ఉంటుంది. దాని పక్కనే అసలు ఇచ్చిన తేదీ కూడా ఈ నెల నుంచి రాయడం మొదలుపెట్టండి. వాట్సాప్‌లో "అయిందా అండీ?" అని వచ్చిన మెసేజీలు లెక్కపెట్టండి. ఒక్కో ఆర్డరుకి ఎన్ని వచ్చాయో చూస్తే చాలు, ఆవిడ ఆ రోజుల్లో ఎలా గడిపిందో తెలిసిపోతుంది.

ఇప్పుడొక ఆవిడని తీసుకుని పూర్తిగా నడిచి చూద్దాం. గుంటూరు నుంచి ఈమధ్యే బదిలీ మీద తెనాలి వచ్చిన టీచరమ్మ అనుకోండి. తమ్ముడి కూతురి పెళ్ళి, అంటే ఈవిడ పెళ్ళికూతురికి మేనత్త. పీటల దగ్గర అందరి కళ్ళూ పడే మనిషి. పెళ్ళికి 20 రోజుల ముందు జాకెట్టు ఇస్తుంది.

చీర కొన్నరోజు సంబరంగానే ఉంటుంది. ఆ రాత్రే ఇంకో ఆలోచన మొదలవుతుంది: గుంటూరులో తన టైలరు ఉంది, ఇక్కడ ఎవరికివ్వాలి? పట్టుచీరతో వచ్చే జాకెట్టు ముక్క సుమారు 80 సెంటీమీటర్లు ఉంటుంది. కత్తెర తప్పుగా పడితే అదే రంగు, అదే అంచు మళ్ళీ దొరకవు. ఆవిడ భయమంతా ఈ ఒక్క ముక్క మీదే ఉంది. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో అడుగుతుంది. సాయంత్రం లైనింగ్ గుడ్డ కొనడానికి మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్ళి అక్కడా అడుగుతుంది. ఈ రెండూ టచ్‌పాయింట్లే, అక్కడ మీరు లేకపోయినా సరే. మ్యాచింగ్ సెంటర్ ఆయన మీ పేరు చెప్పేటప్పుడు ఏమంటున్నాడో కనుక్కోండి. "బాగా కుడతారు గానీ తిప్పించుకుంటారు" అని గనక అంటుంటే, ఆవిడ ఆ మాట మోసుకునే మీ మెట్లెక్కుతోంది.

షాపులోకి వచ్చాక మొదటి నిమిషం గురించి క్లుప్తంగా చెప్తాను. మిషన్ చప్పుడులో ఎవరూ తలెత్తకపోతే, కవరు పట్టుకుని నిలబడ్డ మనిషికి అది చాలా పొడుగాటి నిమిషం. "రండి మేడమ్, ఒక్క నిమిషం" అన్న మాట అక్కడ సరిపోతుంది. వీలైతే ఒక స్టూలు.

ఆగి చూడాల్సింది కొలతల దగ్గర. మేనత్తగారు ఆది జాకెట్టు తెచ్చింది. "ఇది రెండేళ్ళ కిందటిది, కొంచెం బిగుతైంది, అందుకు తగ్గట్టు చూసి కుట్టండి" అంది. కౌంటర్ దగ్గరున్న మనిషి రసీదు మీద "లూజు" అని రాశారు. ఆవిడ మనసులో ఉన్నది చేతి దగ్గర బిగుతు, ఛాతీ దగ్గర కాదు. కాగితం కర్టెన్ దాటి మాస్టరు చేతికి వెళ్ళింది. ఆయన "లూజు" చూసి అలవాటు ప్రకారం ఛాతీ చుట్టుకొలత పెంచాడు, చెయ్యి ఆదిలో ఉన్నట్టే కోశాడు. ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. ఆవిడ సరిగ్గానే చెప్పింది, మీరు విన్నదే రాశారు, మాస్టరు రాసిందే కోశాడు. తప్పు కర్టెన్ దాటేటప్పుడు పుట్టింది. బయటపడటం మాత్రం రెండు వారాల తర్వాత, ఆవిడ ఇంట్లో, అద్దం ముందు.

మ్యాపులో ఇలాంటి చోట రెండు కాగితాలు అతికించి మధ్యలో బాణం గీయాలి. తప్పు పుట్టిన గడి ఒకటి, నొప్పి కనబడిన గడి ఇంకొకటి. నొప్పి ఉన్న దగ్గరే మందు వేస్తే, అంటే ఆల్టరేషన్ త్వరగా చేసిస్తే, వచ్చే నెల ఇంకొకరికి ఇదే జరుగుతుంది. పుట్టిన దగ్గర వేయాల్సిన మందు చిన్నదే. రసీదు వెనక ఛాతీ, నడుము, భుజం, చంక, చేతి లూజు, చేతి పొడుగు, ముందు మెడ, వెనక మెడ అని వరసగా అచ్చు వేయించి, ఆదితో పోలిస్తే ఎక్కడ ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో అంగుళాల్లో రాయండి. "లూజు" అన్న మాట ఒక్కటే ఎక్కడా ఉండకూడదు.

అదే దశలో ఇంకో విషయం ఆడవాళ్ళు మీతో చెప్పరు, వాళ్ళలో వాళ్ళు చెప్పుకుంటారు. కొలతలు తీసేది ఎవరు, ఎక్కడ నిలబెట్టి తీస్తారు అన్నది. రోడ్డు మీంచి కనబడే చోట టేపు పెడితే ఆవిడ ఎంత తొందరగా అయిపోతే అంత మంచిదనుకుంటుంది. ఊపిరి బిగపట్టి నిలబడుతుంది, అప్పుడు కొలత కూడా తప్పుతుంది. కస్టమర్ ఫీలింగ్ రాసే వరస మన పనితనాన్ని నేరుగా తాకే చోటు ఇది. ఒక మూల కర్టెన్ వేసి, ఆడమనిషి చేత కొలతలు తీయించగలిగితే ఫీలింగు, కొలత రెండూ కుదురుకుంటాయి.

తర్వాత రేటు, తేదీ. రేటు సంగతి త్వరగా తేల్చేద్దాం. కుట్టుకూలి, లైనింగ్, ఫాల్, పీకో, కుచ్చులు వేరువేరుగా ముందే రాసి మొత్తం చెప్తే గొడవ లేదు. తీసుకెళ్ళే రోజున "లైనింగ్ మేమే వేశామండీ, అది వేరు" అంటే, డబ్బు చిన్నదైనా మనసు చివుక్కుమంటుంది. తేదీ విషయం మాత్రం మొత్తం మ్యాపుకే గుండెకాయ.

"పది రోజుల్లో ఇచ్చేస్తాం" అన్నారు. పదో రోజు ఆవిడ బడి అయ్యాక ఆటోలో వచ్చింది. "రేపు రండి మేడమ్." పన్నెండో రోజు ఫోన్ చేస్తే "హుక్కులు ఒక్కటే మిగిలాయి" అన్నారు. పద్నాలుగో రోజు ఫోన్ ఎత్తలేదు. ఆ టైముకి షాపులో రద్దీ, నిజమే, కానీ ఆవిడకి కనబడింది ఎత్తని ఫోను ఒక్కటే. పదిహేడో రోజు, అంటే పెళ్ళికి మూడు రోజుల ముందు చేతికొచ్చింది. ఈ దశ గడి మీ కాగితం మీద ఇలా ఉండాలి:

- ఏం చేస్తోంది: ఒకసారి వచ్చి ఉత్త చేతుల్తో వెళ్ళింది, రెండుసార్లు ఫోన్ చేసింది, రెండు మెసేజీలు పెట్టింది. గుంటూరు టైలరుని కూడా అడిగింది, "ముక్క వెనక్కి తెచ్చుకుంటే నాలుగు రోజుల్లో కుడతావా?" అని.
- ఎక్కడ తగులుతోంది: అన్నీ ఆవిడ కదిలితేనే. మీ వైపు నుంచి ఒక్కటీ లేదు.
- ఏమనుకుంటోంది: "అసలు కోశారా లేదా? ముక్క ఉందా? అడిగితే విసుక్కుంటారేమో."
- ఎలా ఉంది: మైనస్ రెండు. ప్లస్ రెండు నుంచి మైనస్ రెండు దాకా వేసే లెక్కలో అన్నిటికంటే కింద.
- కర్టెన్ వెనక: ఆరో రోజునే కోశారు, ఎనిమిదో రోజు కుట్టారు, తర్వాత హెమ్మింగ్‌కీ హుక్కులకీ బయటికి పంపారు. అది తిరిగి రావడానికి ఎన్ని రోజులో ఎవరూ రాసుకోలేదు.

ఈ చివరి వరస చదివితే కడుపు తరుక్కుపోతుంది. ఆవిడ "అసలు కోశారా?" అని నిద్రపట్టక దొర్లుతున్న రోజుల్లో జాకెట్టు దాదాపు అయిపోయి ఉంది. ఆ మాట చెప్పినవాళ్ళు లేరు. ఎదురుచూపు మనసుకి ఎలా అనిపిస్తుందో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన డేవిడ్ మైస్టర్ 1985లో ఒక వ్యాసంలో వివరంగా రాశాడు. ఎంతకాలమో తెలియని ఎదురుచూపు, ఇంతకాలమని తెలిసినదాని కంటే పొడుగ్గా అనిపిస్తుంది. కారణం చెప్పని ఎదురుచూపు, చెప్పినదాని కంటే పొడుగ్గా అనిపిస్తుంది. ఆందోళన తోడైతే ఇంకా పొడుగవుతుంది. మేనత్తగారికి ఈ మూడూ ఒకేసారి జరిగాయి. అందుకే ఏడు రోజుల ఆలస్యం ఆవిడకి నెలరోజుల లెక్కన గుర్తుంటుంది.

చేతికొచ్చిన సాయంత్రం షాపులో నలుగురున్నారు, వేసుకుని చూసే చోటు లేదు. మడిచి కవర్లో పెట్టిచ్చారు. ఇంటికెళ్ళి వేసుకుంటే చెయ్యి మోచేతి పైన పట్టేసింది. పక్కన కూతురుంది, "అమ్మా, నేను చెప్పానా" అంది. మీ షాపుకి తెలియని, మీరెవరూ లేని ఆ గదిలో ఫీలింగు గీత మళ్ళీ కిందికి పడుతుంది. మర్నాడు తెస్తే మీ మాస్టరు లోపల వదిలిన కుట్టు విప్పి అరగంటలో సరిచేశాడు, డబ్బు తీసుకోలేదు. అక్కడ గీత పైకి లేస్తుంది. ఆవిడ చెప్పిన మాట కూడా రాయండి: "ఆయన మంచివాడే."

పెళ్ళిరోజు అంతా బాగానే ఉంది. ఇద్దరు చుట్టాలు "వదినా, ఎవరు కుట్టారు?" అని అడిగారు. మీ ప్రచారానికి ఇంతకంటే మంచి ఘడియ ఉండదు. ఆవిడ ఏం చెప్పింది? "తెనాల్లో ఒకళ్ళు. బాగానే కుట్టారు గానీ చాలా తిప్పారు." అడిగినవాళ్ళు పేరు కూడా అడగలేదు. తర్వాత మూడు నెలలు మీ నుంచి ఏ కబురూ లేదు. శ్రావణమాసానికి కొన్న చీర జాకెట్టు ఇంకో షాపుకి వెళ్ళింది.

ఇప్పుడు ఫీలింగు వరస ఎలా నింపాలో చెప్తాను, ఎక్కువమంది తడబడేది ఇక్కడే. ప్లస్ రెండు నుంచి మైనస్ రెండు దాకా గీతలు కొట్టుకుని, ఒక్కో దశకి చుక్క పెట్టి కలపండి. "సంతోషం", "అసంతృప్తి" లాంటి మాటలు రాయకండి, వాటితో ఏ పనీ జరగదు. ఆవిడ నోట వచ్చిన మాటో, ఆవిడ చేసిన పనో రాయండి. గుంటూరు టైలరుకి ఫోన్ చేయడం మైనస్ రెండుకి సాక్ష్యం. సాక్ష్యం లేని చుక్క పక్కన ప్రశ్నార్థకం పెట్టి, తర్వాత మాట్లాడే కస్టమర్‌ని ఆ సంగతి అడగండి. ఒకే చోట రెండు రకాలుగా ఉంటే రెండూ రాయండి. జాకెట్టు చేతికొచ్చినప్పుడు "హమ్మయ్య" అన్న ఊరటా ఉంటుంది, "ఇంకో టైలరుని చూసుకోవాలి" అన్న నిర్ణయమూ ఉంటుంది. కౌంటర్ దగ్గర మీకు కనబడేది ఊరట ఒక్కటే కాబట్టి ఆవిడ సంతోషంగా వెళ్ళిందనుకుంటారు.

గీత పూర్తయ్యాక అన్నిటినీ ఒకేసారి బాగుచేయబోకండి. అన్నిటికంటే కిందున్న చుక్కని, అది పడిన రోజుల్లో మీ వైపు టచ్‌పాయింటు ఉందో లేదో చూడండి. ఈ ఉదాహరణలో అది ఎదురుచూపు. కుట్టు ఎంత బాగున్నా ఆవిడ నోట "తిప్పారు" అన్న మాటే వస్తోంది. ఇక్కడ తప్పు పుట్టిన గడి తేదీ చెప్పిన క్షణం. "పది రోజులు" అన్నది ఎక్కడి నుంచి వచ్చింది? అలవాటు నుంచి. లోపల ఎన్ని జాకెట్లు వరసలో ఉన్నాయో అప్పుడు చూడలేదు.

లెక్క కష్టమేమీ కాదు. మీ ఇద్దరు టైలర్లు లైనింగ్ జాకెట్లు తలా నాలుగు చొప్పున రోజుకి ఎనిమిది కుడతారనుకుందాం. మీ వాళ్ళ అసలు లెక్క ఎంతో ఒక వారం రాసి చూసుకోండి. పుస్తకంలో కుట్టాల్సినవి 56 ఉంటే, కొత్త జాకెట్టు మిషనెక్కడానికే ఏడు పని రోజులు పడుతుంది. కుట్టేందుకు ఒక రోజు, హెమ్మింగ్, హుక్కులకి వెళ్ళి రావడానికి రెండు రోజులు, మొత్తం పది పని రోజులు. ఆదివారాలు కలిపితే పదకొండో పన్నెండో అవుతుంది. పైపింగ్, పాట్లీ బటన్లు ఉన్నదాన్ని రెండు జాకెట్లుగా లెక్కపెట్టండి. కరెంటు పోయినా, ఎవరైనా సెలవు పెట్టినా తట్టుకోవడానికి ఇంకో రెండు రోజులు కలిపి "పద్నాలుగో రోజు సాయంత్రం ఐదు తర్వాత" అని చెప్పండి. పెళ్ళికి ఆరు రోజుల ముందే వస్తుంది, మేనత్తగారు కాదనదు. కాదంటే అప్పుడే వేరేచోట ఇచ్చుకుంటుంది, అది కూడా మీకు మేలే. కుట్టాల్సిన జాకెట్ల సంఖ్య రోజూ పొద్దున్నే కౌంటర్ దగ్గర పలక మీద రాసి ఉంటే, మీరు లేనప్పుడు ఎవరు కూర్చున్నా తేదీ సరిగ్గా చెప్పగలరు.

రెండో మార్పు, ఎదురుచూపు మధ్యలో మీ వైపు నుంచి ఒక్క కబురు. కోసిన రోజున "మీ జాకెట్టు ఈరోజు కోశాం మేడమ్, చేతి లూజు ఆది కంటే అర అంగుళం పెంచాం. చెప్పిన రోజుకి ఇస్తాం" అని వాట్సాప్ మెసేజీ. వాట్సాప్ బిజినెస్‌లో క్విక్ రిప్లైగా పెట్టుకుంటే అంగుళాలు మార్చి పంపడమే. ఆ మెసేజీ రెండు పనులు చేస్తుంది. ముక్క క్షేమమని తెలుస్తుంది. పెంచాల్సిన చోటు పొరపాటుగా రాసుంటే "ఛాతీ కాదండీ, చెయ్యి" అని ఆవిడే వెంటనే దిద్దుతుంది. అయితే ఒక షరతు. మాస్టరు కోయడానికి ముందురోజు పంపగలిగితే దిద్దుబాటు కాగితం మీదే అయిపోతుంది, కోశాక పంపితే లోపల వదిలిన గుడ్డ మేరకే సాగుతుంది. ఖరీదైన పట్టు ముక్కలకైనా ముందురోజు పంపండి. ఆలస్యం తప్పదని తేలితే, చెప్పిన తేదీకి ముందురోజే కారణంతో సహా చెప్పండి. ఆటో ఎక్కి వచ్చాక చెప్పకండి.

ఈ రెండూ నెలరోజులు నడిపి మళ్ళీ లెక్క చూడండి. ఒక్కో ఆర్డరుకి "అయిందా అండీ?" మెసేజీలు తగ్గాయా? చెప్పిన తేదీకీ ఇచ్చిన తేదీకీ తేడా తగ్గిందా? ఈ రెండూ తగ్గితే మీరు సరైన గడిలో చెయ్యి పెట్టినట్టే. రెండోసారి వచ్చారా లేదా అన్నది మాత్రం నెలలో తేలదు. జాకెట్టు కుట్టించడం అవసరం పడినప్పుడు చేసే పని కాబట్టి, ఇంకో పండగో పెళ్ళిళ్ళ సీజనో వచ్చాక పాత రసీదులతో నంబర్లు సరిపోల్చుకోవాలి. పెళ్ళయిన వారానికి "జాకెట్టు సరిగ్గా కుదిరిందా మేడమ్? మీ కొలతలు రాసి ఉంచాం, ఈసారి ఆది తేనక్కర్లేదు" అన్న కబురు మూడో మార్పుగా తర్వాత పెట్టుకోండి. తేదీ కుదరకముందే ఆ మెసేజీ పంపితే ఆవిడకి తిప్పిన రోజులే గుర్తొస్తాయి.

ఈ మ్యాపు చెప్పలేనివీ ఉన్నాయి. మాట్లాడింది ఐదారుగురితో కాబట్టి, ఎంత శాతం మంది ఇలా అనుకుంటున్నారని దీన్నుంచి చెప్పకూడదు. ఎక్కడ వెతకాలో చూపిస్తుంది, అంతే. ఆల్టరేషన్లు ఒకే రకంగా, అంటే భుజం జారడమో చంక దగ్గర ముడతలో, చాలామందికి వస్తుంటే అది కటింగ్ లోపం. దానికి మాస్టరుతో కూర్చుని మాట్లాడాలి, ఎన్ని మెసేజీలు పంపినా తీరదు. ఇంకోటి, మ్యాపు గీసేటప్పుడు మాస్టరునీ మిషన్ మీద వాళ్ళనీ పక్కన కూర్చోబెట్టుకోండి. కర్టెన్ వెనక వరస మీకంటే వాళ్ళే సరిగ్గా నింపుతారు. హుక్కులకి వెళ్ళిన జాకెట్లు రెండు రోజులు ఆగుతున్నాయన్న సంగతి సాధారణంగా వాళ్ళ నోటే బయటికొస్తుంది. తప్పు ఎవరిదని వెతకడానికి కూర్చోలేదని మాత్రం మొదటే చెప్పండి.

శ్రావణానికి వేరే మ్యాపు గీయాలి, ఆషాఢంలో పని తక్కువగా ఉన్నప్పుడే గీసుకోండి. పెళ్ళిళ్ళకైతే ఒక్కొక్కరి గడువు ఒక్కో రోజున ఉంటుంది. వరలక్ష్మీ వ్రతానికి ఊరందరి గడువూ ఒకే శుక్రవారం. అప్పుడు పలక మీద సంఖ్య ప్రకారం ఇవ్వగలిగే తేదీ ఆ శుక్రవారాన్ని దాటిన రోజున కొత్త జాకెట్లు తీసుకోవడం ఆపాలి. "వ్రతానికి కావలసినవి ఫలానా తేదీ వరకే తీసుకుంటాం" అని ఆషాఢం చివర్లోనే బోర్డు పెట్టండి. మ్యాచింగ్ సెంటర్ ఆయనకి కూడా ఆ తేదీ చెప్పి ఉంచండి.